త్రిరాత్రం ముగిసిన తరువాత: పితృవియోగంలో ఉన్న భార్యకు భర్త ఇవ్వదగినది

తండ్రి దేహత్యాగం చేసినప్పుడు కుమారునికి పది దినాల ఆశౌచాన్ని, వివాహితయైన కుమార్తెకు త్రిరాత్రాశౌచాన్ని ధర్మశాస్త్ర నిబంధనలు విధించాయి. కుమారుడు కర్త. అతనికి నిత్యకర్మ ఉన్నది, పిండోదకాలు ఉన్నాయి, ద్వాదశాహం ఉన్నది, ఆ తరువాత ఏడాది పొడుగునా మాసికాలు ఉన్నాయి. అతని దుఃఖానికి శాస్త్రం ఒక మార్గాన్ని, ఒక కాలపట్టికను ఏర్పరచింది. కుమార్తె మాత్రం మూడు రాత్రులు గడచి స్నానం చేయగానే శుద్ధురాలు. ఆమె అత్తవారి గోత్రంలోనిది గనుక ఆ ఇంటి దీపం, ఆ ఇంటి వంట, ఆ ఇంటి పండుగ ఆమె కోసం ఎదురుచూస్తుంటాయి.

ఇందులో శాస్త్రదోషం లేదు. ఆశౌచం కర్మాధికారానికి సంబంధించిన నియమం. అది శోకానికి కొలమానం కాదు. ఎవరు ఎన్ని దినాలు దైవకర్మకు అర్హులు కారో అది చెబుతుంది. ఎవరు ఎన్ని దినాలు దుఃఖించాలో అది చెప్పదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్లనే అనేక గృహాలలో ఒక అనుచితం జరుగుతున్నది. మూడు రాత్రులకు మైల పోయింది గనుక దుఃఖం కూడా పోయి ఉండాలని ఇంటివారు అనుకుంటారు. పోలేదని గమనించిన భర్త ఆమెను సంతోషపెట్టడానికి ఏదో ఒక కానుక తెస్తాడు. ఆ కానుక చాలాసార్లు ఆమెను మరింత ఒంటరిని చేస్తుంది. కనుక పితృవియోగంలో ఉన్న భార్యకు భర్త ఇవ్వదగినది ఏమిటన్న ప్రశ్న వస్తువులను గూర్చినది మాత్రమే కాదు. ఇది గృహస్థధర్మంలోని ప్రశ్న.

ఒక ఉదాహరణను కల్పించుకొని పరిశీలించవచ్చు. రాజమహేంద్రవరంలో ఒక పెద్దాయన మార్గశిర బహుళ పంచమినాడు పరమపదించాడు. కుమారుడు అక్కడే ఉండి కర్మ చేశాడు. కుమార్తె హైదరాబాదులో కాపురం ఉంటున్నది. త్రిరాత్రం పుట్టింట గడిపి, ద్వాదశాహం, శుభస్వీకారం వరకు ఉండి తిరిగి వచ్చింది. ఆపైన కొద్దిదినాలకే సంక్రాంతి. భర్త మంచివాడే. భార్య ముఖం చూడలేక ఒక పట్టుచీర తెచ్చి, "పండుగపూట ఇది కట్టుకో, మనసు కాస్త తేలికపడుతుంది" అన్నాడు. ఆమె చీరను రెండు చేతులతో అందుకొని, బొట్టు పెట్టి, బీరువాలో ఉంచింది. పండుగనాడు కట్టుకోలేదు. ఉగాదికీ కట్టుకోలేదు. అతడు నొచ్చుకున్నాడు. ఆమె, "మీ మీద కోపం కాదండీ, కట్టుకోబుద్ధి కావడం లేదు" అన్నది.

ఇక్కడ చీర దోషం ఏమీ లేదు. గీతలోని సప్తదశాధ్యాయంలో భగవానుడు దానాన్ని మూడు విధాలుగా విభజిస్తూ సాత్త్వికదానానికి దేశం, కాలం, పాత్ర అనే మూడు ప్రమాణాలను చెప్పాడు. ప్రత్యుపకారాన్ని ఆశించకుండా ఇవ్వవలసినదని ఇవ్వడమే దాని లక్షణమన్నాడు. భార్యకు ఇచ్చే కానుక శాస్త్రార్థంలో దానం కాకపోయినా ఆ మూడు ప్రమాణాలు దీనికీ సరిపోతాయి. ఆ భర్త విషయంలో పాత్ర యోగ్యమే. కాలం తప్పింది. అంతకంటె సూక్ష్మమైన మరొక లోపం ఉన్నది. "మనసు తేలికపడుతుంది" అన్న మాటలోనే ఒక ప్రత్యుపకారాపేక్ష దాగి ఉన్నది. ఆమె నవ్వాలి, ఆ నవ్వు చూసి అతని మనస్సు కుదుటపడాలి. ఎదుటివారు సంతోషించి తీరాలన్న షరతుతో ఇచ్చిన కానుక శోకంలో ఉన్నవారికి ఒక అదనపు బాధ్యతగా పరిణమిస్తుంది. దుఃఖంతో పాటు దాన్ని దాచిపెట్టే శ్రమ కూడా ఆమెకు వచ్చిపడుతుంది.

శుభస్వీకారంనాడు కర్తకు అత్తవారు నూతనవస్త్రాలు పెట్టే ఆచారం చాలా తెలుగు కుటుంబాలలో ఉన్నదే, అప్పుడు లేని తప్పు ఇప్పుడు ఎక్కడినుంచి వచ్చిందని ఎవరైనా అడగవచ్చు. ఆ వస్త్రం ఉల్లాసం కోసం పెట్టేది కాదు. "నీవు మరల గృహస్థుగా మా మధ్యకు రా" అని బంధువర్గం అంతా కలిసి పిలిచే పిలుపు అది. దానికి నియతమైన దినం ఉన్నది, పెట్టేవారెవరో నిర్ణయమై ఉన్నది, పుచ్చుకొనేవాడు నవ్వాలన్న నియమం లేదు. సంక్రాంతి పట్టుచీర అటువంటిది కాదు. అది తండ్రి లేని తొలి పండుగను మామూలు పండుగగా జరిపేయమని అడుగుతున్నది.

మరి ఏమి ఇవ్వాలి? దీనికి ఆదికావ్యంలోనే ఒక దృష్టాంతం ఉన్నది. చిత్రకూటంలో భరతుని నోట దశరథుని మరణవార్త విన్న శ్రీరాముడు నరికిన వృక్షంలా నేలకొరిగాడు. తేరుకొని విలపించాడు. అప్పుడు ఆయన పక్కన ఉన్న సహధర్మచారిణి సీత. అరణ్యంలో ఆమె వద్ద ఇవ్వడానికి ఏ వస్తువూ లేదు. ఆమె తత్త్వోపదేశం చేసినట్లు వాల్మీకి చెప్పలేదు. ఆమె కన్నులు నీటితో నిండిపోగా భర్త ముఖాన్నైనా చూడలేకపోయిందని మాత్రమే చెప్పాడు. తరువాత రాముడు మందాకినికి జలతర్పణానికి బయలుదేరుతూ, సీత ముందు నడవాలనీ, ఆమె వెనుక లక్ష్మణుడు, చివర తాను నడుస్తామనీ నిర్దేశించాడు. ఆ నడకలో ఆమె అందరికంటె ముందు ఉన్నది. నదీతీరంలో ఆయన గారపండ్ల పిండిని రేగుపండ్లతో కలిపి దర్భలపై పిండంగా సమర్పించాడు. తాను తినేదే పితృదేవతకు పెట్టాడు.

ఈ ఘట్టంలో జీవితభాగస్వామి ఇచ్చినవి రెండు. మొదటిది సమదుఃఖం, రెండవది సహగమనం, అనగా నదివరకు కలిసి నడవడం. ఆ దుఃఖం తగ్గాలని ఆమె ప్రయత్నించలేదు. అది వెళ్లవలసిన చోటికి వెళ్లేందుకు తోడుపడింది. శోకంలో ఉన్న వారికి ఇచ్చే ప్రతి కానుకకూ ఇదే గీటురాయి కాగలదు. ఈ వస్తువు ఆమెను దుఃఖంనుంచి పక్కకు లాగుతున్నదా, లేక ఆమె దుఃఖానికి ఇంట్లో ఒక చోటు కల్పిస్తున్నదా అని భర్త తనను తాను ప్రశ్నించుకోవాలి.

ఈ గీటురాయిపై నిలిచే మొదటి కానుక ఆమె తండ్రి తిథి. పై ఉదాహరణలోని గృహస్థు ఉగాదినాటి కొత్త పంచాంగం తెచ్చినప్పుడు ప్రతి మాసంలోనూ బహుళ పంచమి వద్ద ఒక గీత గీసి ఉంచితే అది పట్టుచీరకంటె విలువైనది. కుమారుడు ఏడాదిలో చేసే మాసికాలు ఆ తిథినాడే వస్తాయి. వాటికి తోడు ఊనమాసికం, త్రైపక్షికం, ఊనషాణ్మాసికం, ఊనాబ్దికం వేరుగా ఉంటాయి. అయితే ఒక జాగ్రత్త అవసరం. శ్రాద్ధతిథిని అపరాహ్ణ వ్యాప్తినిబట్టి నిర్ణయిస్తారు గనుక సూర్యోదయాన ఉన్న తిథిని చూపే దినదర్శినిని నమ్ముకొంటే ఒక రోజు తేడా రావచ్చు. బావమరిదినిగాని, వారి పురోహితునిగాని అడిగి తేదీ నిర్ధారించుకోవాలి. ఆ అడగడం కూడా కానుకలో భాగమే. తన భర్త తన తండ్రి తిథిని గూర్చి తన తమ్మునితో మాట్లాడాడని ఆమెకు తెలియడంలో గొప్ప సాంత్వన ఉన్నది.

ఆ తేదీలలో రెండు మూడింటికైనా ఆమె పుట్టింటికి వెళ్లగలిగేలా చేయడం తరువాతి మెట్టు. రైలు టిక్కెట్ల ముందస్తు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకొంటుంది. తేదీ ముందే తెలిసి ఉంటే హైదరాబాదునుంచి రాజమహేంద్రవరానికి రాత్రి రైలులో రెండు బెర్తులు దొరకడం కష్టం కాదు. "వెళ్లాలనిపిస్తే చెప్పు, టిక్కెట్లు తీస్తాను" అనడానికీ, "ఫలానా రోజు మావయ్యగారి మాసికం, టిక్కెట్లు తీశాను, నీకు వెళ్లాలని లేకపోతే రద్దు చేద్దాం" అనడానికీ ఎంతో భేదం ఉన్నది. మొదటి మాటలో అడగవలసిన భారం ఆమెది. దుఃఖంలో ఉన్నవారికి అడగడమే అన్నిటికంటె కష్టమైన పని. రెండవ మాటలో భారం భర్తది, స్వేచ్ఛ ఆమెది. ఆ రెండు రోజులు పిల్లల బడి, వృద్ధులైన అత్తమామల ఔషధాలు, ఇంటి వంట ఎవరు చూస్తారో ముందే కుదిర్చి ఉంచకపోతే టిక్కెట్టు సగం కానుకే అవుతుంది. వంటింటిలో తన లోటు ఏర్పడుతుందన్న చింతతో బయలుదేరిన కుమార్తె తల్లి పక్కన కూర్చున్నా అక్కడ ఉండదు.

రెండవ కానుక తండ్రి గుర్తులు. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి, ఎందుకంటే ఇక్కడ ఉత్సాహం వివేకాన్ని దాటిపోతుంది. తండ్రి ఛాయాచిత్రాన్ని పెద్దదిగా చేయించి, పటం కట్టించి, దండ వేసి, ఆమె బయటకు వెళ్లివచ్చే సమయానికి గోడకు తగిలించడం ఆశ్చర్యపరచడానికి చేసే పని. దండ వేసిన పటం "ఆయన లేడు" అన్న మాటను గోడమీద రాసినట్లే. ఆ మాట ఎప్పుడు చదవాలో నిర్ణయించుకొనే అధికారం ఆమెది. చిత్రాన్ని సిద్ధం చేయించి కాగితంలో చుట్టి దాచి, "నాన్నగారి ఫోటో చేయించి పెట్టాను, ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు తీస్తాను" అని ఒక్కసారి చెప్పి ఊరుకోవడమే ఉచితం. ఒక నెలకు అడగవచ్చు, ఎనిమిది నెలలకు అడగవచ్చు. ఆ నిరీక్షణయే అందులోని తపస్సు.

తండ్రి కంఠస్వరం అంతకంటె సుకుమారమైనది, త్వరగా నశించేది. ఆయన పంపిన వాట్సాప్ సందేశాలలో ఆ స్వరం ఉండవచ్చు. ఫోను మారినా, పాడైనా, ఎవరైనా శుభ్రం చేసినా అవి పోతాయి. ఆయన ఫోను సంఖ్యను రీచార్జి చేయకుండా వదిలితే కొంతకాలానికి రద్దయి అది మరొకరికి చేరవచ్చు; తండ్రి సంఖ్యకు ఫోను చేసిన కుమార్తెకు అపరిచిత స్వరం వినపడటం మరో వియోగం వంటిది. కనుక భర్త చేయదగిన పని తొలి వారాలలోనే ఆమె అనుమతితో ఆమె ఫోనులోని తండ్రి స్వరసందేశాలను వేరొకచోట భద్రపరచడం, ఆ సంఖ్యను ఎంతకాలం నిలపాలో అత్తగారితో, బావమరిదితో మాట్లాడటం. భద్రపరచిన తరువాత వినిపించకూడదు. అది ఉన్నదని తెలిస్తే చాలు. "బియ్యం అందాయా అమ్మా" అన్నటువంటి అతి సాధారణమైన వాక్యమే ఆమె ఒకనాడు తలుపు వేసుకొని వినాలనుకొనేది కావచ్చు.

ఇక వస్త్రాలు. తండ్రి పాత పంచెలతో బొంత కుట్టించి ఇవ్వాలన్న ఆలోచన సహజమైనది; తెలుగునాట పాత చీరలు, పంచెలతో బొంతలు కుట్టడం అనాదిగా ఉన్నదే. అయితే ఇందులో మూడు విషయాలు చూడాలి. ఆ వస్తువులపై మొదటి హక్కు భర్తను పోగొట్టుకొన్న తల్లిది, తరువాత తోబుట్టువులందరిది. పోయినవారి వస్త్రాలను ఇంట ఉంచుకోవడంలో కుటుంబానికో ఆచారం ఉన్నది, దానిని అడిగి తెలుసుకోవాలి. అన్నిటికంటె ముఖ్యం, కత్తిరించిన వస్త్రం మరల పంచె కాదు. ఆ మడతలలో ఇంకా ఆయన వాడిన గంధపు సబ్బు వాసన ఉండవచ్చు; ఉతికి, కత్తిరించి, కుట్టిన తరువాత అది ఉండదు. అందుచేత తొలి ఏడాది ఏదీ కత్తిరించకుండా, ఒక కండువానో, కళ్లజోడునో, పద్దులు రాసుకొన్న పుస్తకాన్నో ఆమె తల్లి చేతిమీదుగా ఆమెకు ఇప్పించడం మేలు. ఆ కానుక భర్తది కాదు, తండ్రి ఇంటిది. భర్త చేసినది దానిని ఇల్లు చేర్చడం మాత్రమే. తన పేరు లేని కానుకను ఇవ్వగలగడం సాత్త్వికతకు నిదర్శనం.

ఆధ్యాత్మిక చింతన గల గృహాలలో మరొక కానుక తరచుగా కనబడుతుంది. అది గ్రంథం. భర్త గీతను చేతిలో పెట్టి, ఆత్మ నిత్యమనీ, శోకించదగదనీ గుర్తుచేస్తాడు. మాట సత్యమే, సందర్భం చూడాలి. గీతలో భగవానుని ఉపదేశం అర్జునుడు "నేను నీ శిష్యుణ్ణి, నన్ను శాసించు" అని శరణు పొందిన తరువాతనే ఆరంభమైనది. అడగనివారికి ఆయన ఆ బోధ చేయలేదు. పైగా అక్కడ అర్జునుని శోకం జరగబోయే యుద్ధాన్ని, తన కర్తవ్యాన్ని గూర్చినది. చితి చల్లారి నెల కాని ఇంట అదే బోధను వినిపిస్తే ఆమెకు అది జ్ఞానంగా కాక మందలింపుగా తోస్తుంది. ఆమె అడిగిననాడు చదవవచ్చు. అంతవరకు గీతను భర్త తన కోసం చదువుకోవాలి. ఇతరుల దుఃఖం పక్కన తొట్రుపడకుండా కూర్చోవడానికి కావలసిన సమత్వం అతనికే ముందు అవసరం.

తండ్రి గుర్తులను ఇలా భద్రపరచడం మమకారాన్ని పెంచదా, ముముక్షువుకు ఇది తగునా అని వేదాంతాభ్యాసపరులు సందేహించవచ్చు. సందేహం న్యాయమైనదే. అయితే మమకారం వేరు, ఋణస్మరణ వేరు. పోయినవారిని తిథినాడు తలచి, పేరు చెప్పి, నువ్వులనీళ్లు విడువమని శాస్త్రమే ఆదేశించింది. స్మరణ బంధమే అయితే శ్రాద్ధవిధి ఉండేది కాదు. ఏ వస్తువూ లేకుండా తండ్రిని తలచుకోగలిగే దశకు ఆమె తనంత తానుగా రావాలి. ఆమె చేతిలోని కండువాను లాగివేయడం వల్ల అది రాదు.

మూడవ కానుక చాలా ఆలస్యంగా వచ్చేది, చాలామందికి తెలియనిది. మహాలయపక్షంలో చేసే తర్పణంలో కేవలం పితృవర్గం, మాతామహవర్గం మాత్రమే ఉండవు. కారుణ్యపితృదేవతలలో శ్వశురుడు, అనగా పిల్లనిచ్చిన మామగారు, స్పష్టంగా ఉన్నాడు. గురువు, మిత్రుడు మొదలైనవారితో పాటు ఆయనకూ గోత్రం, నామం చెప్పి అల్లుడు తిలోదకం విడుస్తాడు. కుమార్తె వేరొక గోత్రానికి వెళ్లిపోయింది, ఆమెకు తండ్రితో కర్మసంబంధం తెగిపోయింది అనుకొనే వారికి ఇదే సమాధానం. ఆమె భర్త దోసిలి ద్వారా ఆ నీరు ఆమె తండ్రికి చేరుతున్నది.

ఇందులోనూ పరిమితులు ఉన్నాయి. తండ్రి జీవించి ఉన్న అల్లునికి సాధారణంగా ఈ తర్పణాధికారం లేదు. తొలి ఆబ్దికం కాకముందు మహాలయంలో ఆ పేరు చెప్పవచ్చునా అన్న విషయంలో సంప్రదాయ భేదాలు ఉన్నాయి గనుక పురోహితుని అడగాలి. అధికారం లేనివాడు ఆ తిథినాడు మామగారి పేర అన్నదానమో, ఒక నిరుపేదకు స్వయంపాకమో ఇవ్వవచ్చు, దానికి అడ్డులేదు. మన ఉదాహరణలోని గృహస్థుకు తండ్రి లేడనుకొంటే, రెండవ ఏట భాద్రపద బహుళ పంచమినాడు అతడు పీటమీద కూర్చొని, భార్యను పిలిచి, "మావయ్యగారి గోత్రం ఒక్కసారి చెప్పు, తప్పు పలకకూడదు" అని అడుగుతాడు. ఆమె తండ్రి గోత్రం, పేరు పలుకుతుంది. అప్పటికి పరామర్శకు వచ్చినవారందరూ ఆయనను మరచిపోయి ఉంటారు. ఆ ఇంట ఆయన పేరు గట్టిగా వినబడుతుంది.

ఒక్క హెచ్చరిక అవసరం. వారాల తరబడి ఆహారనిద్రలు లేకపోయినా, తానూ పోతే బాగుండునన్న మాట ఆమె నోట వచ్చినా, అది కానుకలకు లొంగేది కాదు. ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. 14416 అనే టెలిమానస్ సంఖ్యకు ఫోను చేస్తే తెలుగులోనూ సహాయం లభిస్తుంది. దీనిని భక్తిలోపంగా భావించడం పాపం.

బీరువాలోని పట్టుచీర సంగతి మిగిలింది. దానిని గూర్చి భర్త మరల అడగకూడదు. తొలి ఆబ్దికం ముగిసి, మరొక సంక్రాంతి వచ్చి, ఆమె తనంతట తాను దానిని తీసి మడత విప్పినప్పుడు, ఇన్నాళ్లకు కట్టుకొన్నావా అన్న మాట కూడా అనకుండా ఉండగలిగితే, ఆ చీర కూడా ఆనాటికి దేశకాలపాత్రలు కుదిరిన కానుక అవుతుంది.

స్వస్తి.